వైవాలో నిబ్బరానికి మార్కులు: ఒకే జవాబుకు ఒకరు 10, ఒకరు 16 ఎందుకు వేశారు

మా వైద్య కళాశాలలో మొదటి సంవత్సరం ఎంబీబీఎస్ విద్యార్థులకు ఫిజియాలజీ ఇంటర్నల్ వైవా జరిగింది. ఇద్దరు ఎగ్జామినర్లం. ఒకరు మా సీనియర్ ప్రొఫెసర్ గారు, రెండోవారు నేను. ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకే విద్యార్థిని అడిగి, మార్కులు మాత్రం విడివిడి షీట్లలో వేశాం. మొత్తం 20 మార్కులు. అవగాహనకు 8, తర్కానికి 8, నిబ్బరానికి 4. బ్యాచ్ అయ్యాక రెండు షీట్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కువ మందికి మా మార్కులు దగ్గరదగ్గరగానే ఉన్నాయి. ఒక అమ్మాయి దగ్గర మాత్రం ఆయన షీట్‌లో 10, నా షీట్‌లో 16. ఒక అబ్బాయి దగ్గర ఆయన 17 వేస్తే నేను 11 వేశాను. ఆ రెండు తేడాలూ ఎక్కడి నుంచి వచ్చాయో, వాటిని ఎలా తేల్చామో, ఆ తర్వాత షీట్‌లో ఏం మార్చామో ఇక్కడ రాస్తున్నాను. వైవా పెట్టే ఏ సబ్జెక్టు వాళ్ళకైనా ఈ చిక్కు ఎదురవుతుంది. ఫిజియాలజీ ఉదాహరణే తీసుకోవడానికి కారణం, ఇందులో సరైన జవాబు ఏమిటన్న విషయంలో ఎగ్జామినర్ల మధ్య భేదాభిప్రాయం ఉండదు. తేడా వస్తే అది మార్కులు వేసే తీరులోనే ఉందని తెలిసిపోతుంది.

అడిగిన ప్రశ్నలు

అందరికీ అదే మూడు మెట్ల ప్రశ్న. మొదటిది: చాలాసేపు పడుకున్న మనిషి ఒక్కసారిగా లేచి నిలబడితే బీపీ ఏమవుతుంది, శరీరం దాన్ని ఎలా సర్దుకుంటుంది? పాఠం చదివినవాళ్ళకు ఇది తెలుసు. నిలబడగానే అర లీటరు నుంచి 700 మిల్లీలీటర్ల దాకా రక్తం కాళ్ళలోకి, పొత్తికడుపు సిరల్లోకి దిగిపోతుంది. గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది, దాంతో గుండె ఒక్కో దెబ్బకు పంపే రక్తం తగ్గి బీపీ కొంచెం పడుతుంది. మెడలోని కరోటిడ్ సైనస్‌లోనూ, బృహద్ధమని వంపులోనూ ఉండి బీపీని కనిపెట్టే బారోరిసెప్టర్ల మీద సాగుడు తగ్గుతుంది. అక్కడి నుంచి మెదడు కింది భాగమైన మెడుల్లాకు వెళ్ళే సంకేతాలు తగ్గుతాయి. మెడుల్లా గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నాడి పట్టు సడలించి, దాన్ని పెంచే సింపథటిక్ నాడులను ఉసిగొల్పుతుంది. పల్స్ పెరుగుతుంది, రక్తనాళాలు బిగుస్తాయి, కొద్ది సెకన్లలో బీపీ మళ్ళీ నిలబడుతుంది.

రెండోది ఇద్దరు పేషెంట్ల అంకెలు. పదిహేనేళ్ళుగా షుగర్ ఉన్నాయనకు పడుకున్నప్పుడు పై బీపీ 140, నిలబెట్టిన రెండు నిమిషాలకు 112. పల్స్ 78 నుంచి 80. మూడు రోజులుగా విరేచనాలతో ఉన్న ఒకామెకు బీపీ 118 నుంచి 94, పల్స్ 82 నుంచి 116. ఇద్దరికీ బీపీ పడింది, మరి తేడా ఏమిటి? ఆమె ఒంట్లో నీరు తగ్గింది కానీ రిఫ్లెక్స్ బాగానే ఉంది, అందుకే పల్స్ ఎగిరింది. ఆయనకు బీపీ అంత పడినా పల్స్ కదలలేదు, అంటే ఆ నాడుల దారిలోనే దెబ్బ ఉంది.

మూడోది పుస్తకంలో ఈ రూపంలో దొరకదు. చాలా బిగుతు కాలర్ వేసుకున్న మనిషి మెడ తిప్పగానే కళ్ళు తిరిగాయి. అతని పల్స్ అప్పుడు పెరిగి ఉంటుందా, తగ్గి ఉంటుందా? కాలర్ కరోటిడ్ సైనస్‌ను నొక్కితే బారోరిసెప్టర్లు సాగుతాయి. బీపీ ఎక్కువైందన్న సంకేతం మెడుల్లాకు పోతుంది. పల్స్ తగ్గుతుంది, బీపీ పడుతుంది. మొదటి ప్రశ్నలో విన్న గొలుసే ఇక్కడ తిరగబడి నడుస్తుంది. బట్టీ పట్టినవాళ్ళు ఇక్కడ దాదాపు ఎప్పుడూ ‘కళ్ళు తిరిగాయి కాబట్టి బీపీ పడింది, కాబట్టి పల్స్ పెరుగుతుంది’ అని మొదటి జవాబునే మళ్ళీ అప్పజెబుతారు. ఒక ప్రశ్న తర్కాన్ని నిజంగా పరీక్షిస్తోందా లేదా అనేదానికి నేను చూసే గుర్తు ఇదే. బట్టీ పట్టిన జవాబు చెబితే అది తప్పయ్యే ప్రశ్న కావాలి. చెప్పినా సరిపోయే ప్రశ్న అయితే మనం తర్కం గడిలో వేసే మార్కులు కూడా అవగాహనకే పోతున్నాయన్నమాట.

ఆ పది నిమిషాలు

అమ్మాయి పదో తరగతి దాకా తెలుగు మీడియం. కూర్చునేటప్పుడే చేతులు వణుకుతున్నాయి. మొదటి ప్రశ్నకు చాలాసేపు మాట్లాడలేదు. సార్ ‘చెప్పమ్మా, టైమ్ పోతోంది’ అన్నారు. అప్పుడు మొదలుపెట్టింది. సగం ఇంగ్లిష్, సగం తెలుగు, గొంతు బల్ల ఇవతలికి కష్టం మీద వినిపిస్తోంది. కానీ చెప్పింది వరసలో ఉంది. ‘రక్తం కాళ్ళల్లోకి పోతుంది సర్, వీనస్ రిటర్న్ తగ్గుతుంది, ప్రెజర్ పడుతుంది. కరోటిడ్ సైనస్‌కు స్ట్రెచ్ తగ్గిందని తెలుస్తుంది. హార్ట్ రేట్ పెరుగుతుంది.’ రక్తనాళాలు బిగుసుకోవడం గురించి చెప్పలేదు.

రెండో ప్రశ్నకు, ‘ఆమెకు బ్లడ్ తక్కువైంది సర్, కానీ హార్ట్‌కు ఆర్డర్ వెళ్ళింది. ఆయనకు ప్రెజర్ పడింది, ఆర్డర్ వెళ్ళలేదు’ అంది. ఆర్డర్ ఎక్కడ ఆగిపోయిందని అడిగితే తల వంచుకుని కూర్చుంది. తెలియదనీ అనలేదు, ఊహించీ చెప్పలేదు. సార్ తర్వాతి ప్రశ్నకు వెళ్ళారు.

కాలర్ ప్రశ్నకు ముందు ‘పెరుగుతుంది సర్’ అంది. నేను ఏమీ అనలేదు, సార్ షీట్ మీద ఏదో రాస్తున్నారు. కాసేపటికి తనే, ‘కాదు సర్, కాలర్ నొక్కితే సైనస్ సాగుతుంది కదా. ప్రెజర్ ఎక్కువైందని అనుకుంటుంది. పల్స్ తగ్గాలి’ అంది. నేను ‘ఎందుకలా అనుకుంటున్నావమ్మా?’ అని అడిగాను. ఇది అందరినీ తప్పనిసరిగా అడిగే ప్రశ్న. జవాబు ఒప్పయినా తప్పయినా అదే గొంతుతో అడుగుతాం. ఆమె తడబడకుండా అదే కారణం మళ్ళీ చెప్పింది.

అబ్బాయి చక్కగా మాట్లాడతాడు. నవ్వుతూ వచ్చాడు, నిటారుగా కూర్చున్నాడు. మొదటి ప్రశ్నకు జవాబు ఇంగ్లిష్‌లో ధారగా వచ్చింది. బారోరిసెప్టర్ రిఫ్లెక్స్, సింపథటిక్, రెసిస్టెన్స్ అన్నీ వచ్చాయి, సెకన్లలో సర్దుకుంటుందని కూడా చెప్పాడు. మధ్యలో ‘సింపథటిక్ ఎక్కువవడానికి ముందు బారోరిసెప్టర్లలో ఏం మారింది?’ అని అడిగితే ‘అవి యాక్టివేట్ అవుతాయి సర్’ అన్నాడు. అది తిరగబడిన మాట. నిలబడినప్పుడు వాటి సంకేతాలు తగ్గుతాయి. షుగర్ పేషెంట్ గురించి అడగ్గానే ‘అటానమిక్ న్యూరోపతీ’ అని, అంటే ఆ నాడులకు దెబ్బ అని, పేరు చెప్పేశాడు, అది సరైనదే. అంకెల్లో ఏది చూసి అలా అన్నావంటే ‘డయాబెటిస్ ఉంది కాబట్టి’ అన్నాడు. పల్స్ జోలికి పోలేదు. విరేచనాలామెకు కూడా అదే కావచ్చన్నాడు. కాలర్ ప్రశ్నను మళ్ళీ ఒకసారి చెప్పమని అడిగి, విని, పల్స్ పెరుగుతుందన్నాడు. ‘ఎందుకలా అనుకుంటున్నావు?’ అనగానే నా ముఖం చూసి ‘తగ్గుతుంది సర్’ అని మార్చేశాడు. కారణం అడిగితే ఈ ప్రశ్నతో పని లేని రెనిన్, యాంజియోటెన్సిన్ హార్మోన్ల మీదికి వెళ్ళి ఒక నిమిషం మాట్లాడాడు. చివర్లో సార్ అడిగిన చిన్న ప్రశ్న, పెద్దవాళ్ళలో మామూలు పల్స్ ఎంత అన్నదానికి, తొణక్కుండా సరిగ్గా చెప్పాడు.

తేడా ఏ గడిలో వచ్చింది

సార్ షీట్‌లో అమ్మాయికి అవగాహన 5, తర్కం 4, నిబ్బరం 1. నా షీట్‌లో 6, 7, 3. అబ్బాయికి ఆయన 7, 6, 4 వేశారు. నేను 5, 4, 2 వేశాను.

మొత్తం మార్కులు చూస్తే ఒకరు ఉదారంగా, ఒకరు పిసినారిగా వేశారనిపిస్తుంది. అలాంటిదే అయితే చాలా సులభంగా సరిచేయవచ్చు. ఒక ఎగ్జామినర్ అందరికీ మూడు మార్కులు తక్కువ వేస్తే విద్యార్థుల వరస మారదు, తేడా కలిపేస్తే సరిపోతుంది. ఇక్కడ అలా కాదు. ఆయన ఒకరికి నాకన్నా ఎక్కువ, ఒకరికి నాకన్నా తక్కువ వేశారు. గడులు విడివిడిగా చూస్తే పోలిక కనిపించింది. ఆయన షీట్‌లో మూడు గడులూ కలిసే లేస్తున్నాయి, కలిసే పడుతున్నాయి. బ్యాచ్ మొత్తంలోనూ అంతే. నిబ్బరంలో 4 వచ్చినవాళ్ళలో తర్కంలో తక్కువ వచ్చినవారు ఆయన షీట్‌లో కనిపించలేదు.

1920లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, సైన్యంలో అధికారులకు వాళ్ళ పైవాళ్ళు వేసిన మార్కుల్లో ఇదే పట్టుకున్నాడు. శరీర దార్ఢ్యం, తెలివి, నాయకత్వం, గుణం అని విడివిడిగా వేయమంటే, అవన్నీ ఒకదానితో ఒకటి నమ్మలేనంతగా కలిసి నడిచాయి. ఒక్క మంచి అభిప్రాయం అన్ని గడుల్లోకీ ఒలికిపోతుంది. దీన్నే హాలో ఎఫెక్ట్ అంటారు. మా వైవాలో ఒలికే దిక్కు కూడా స్పష్టంగా తెలుస్తుంది. విద్యార్థి గదిలోకి అడుగు పెట్టగానే మొదట కనిపించేది అతని తీరే. అవగాహన తెలియడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, తర్కం తెలియడానికి ఆరేడు నిమిషాలు. ఆలోపు నిబ్బరం గురించిన అభిప్రాయం తయారైపోయి, ఆ తర్వాత విన్న ప్రతి జవాబుకూ అద్దంలా అడ్డం నిలుస్తుంది. అమ్మాయి ‘కాదు సర్’ అని తనను తాను సరిదిద్దుకుంటే అది తడబాటుగా వినిపిస్తుంది. అబ్బాయి జవాబు మారిస్తే అది చురుకుదనంగా వినిపిస్తుంది. నిజానికి మొదటిది కారణం చెప్పి మార్చడం, రెండోది ముఖం చూసి మార్చడం.

సార్ ముప్పై ఏళ్ళకు పైగా వైవాలు చేసిన మనిషి, విద్యార్థుల మేలు కోరే మనిషి. ఇది వ్యక్తి లోపం అనుకుంటే అసలు చిక్కు చేజారుతుంది. షీట్‌లో ‘నిబ్బరం’ అని ఒక్క మాట రాసి పక్కన నాలుగు మార్కుల గడి గీస్తే ఎవరైనా వణుకుకూ, గొంతుకూ, ఇంగ్లిష్‌కూ మార్కులు వేస్తారు. ఎందుకంటే గడి వాళ్ళను అడిగిందే అది.

ఇద్దరం కూర్చుని తేల్చిన తీరు

సగటు తీయలేదు. అమ్మాయికి 13, అబ్బాయికి 14 వేసి ముగించడం చాలా తేలిక, చాలా చోట్ల జరిగేది కూడా అదే. కానీ సగటులో ఒకరి పొరపాటు సగం మిగిలిపోతుంది, ఎవరిదో కూడా తెలియకుండా పోతుంది. పైగా ఆ సగటు ప్రకారం అబ్బాయి ముందుంటాడు.

మేము ముందే పెట్టుకున్న నియమం ఒకటుంది. ఏ ఒక్క గడిలోనైనా ఇద్దరి మధ్య 2 మార్కులు, అంతకన్నా ఎక్కువ తేడా వస్తే, మార్కుకు పక్కన రాసుకున్న వాక్యం చదవాలి. ప్రతి గడి పక్కనా విద్యార్థి అన్న మాట ఒకటి రాసుకోవడం తప్పనిసరి. ‘బాగా చెప్పింది’, ‘భయపడింది’ లాంటి అభిప్రాయాలు రాయకూడదు. విద్యార్థి నోటి నుంచి వచ్చిన మాటే రాయాలి. అమ్మాయి తర్కం గడి పక్కన సార్ రాసుకున్నది ‘కాలర్: పల్స్ పెరుగుతుంది’. నేను రాసుకున్నది ‘కాలర్: పెరుగుతుంది, తనే మార్చి సైనస్ సాగుతుంది కాబట్టి తగ్గాలి’. ఆ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టాక వాదన అక్కరలేకపోయింది. ఆయన రాసుకుంటున్న సమయంలో ఆమె రెండో సగం చెప్పింది, నిజానికి చాలా చిన్న గొంతుతో చెప్పింది. తర్కం 7కి ఇద్దరం ఒప్పుకున్నాం.

అవగాహనలో మా తేడా ఒక్క మార్కే అయినా, వాక్యాలు తెరిచాం కాబట్టి అదీ చూశాం. అక్కడ ఆయన మాట నిలిచింది. ‘రక్తనాళాల సంగతి ఎక్కడ చెప్పింది?’ అని అడిగారు. నా నోట్‌లో లేదు. బీపీ నిలబడడంలో పెద్ద వంతు రక్తనాళాలు బిగుసుకోవడానిదే. అది లేకుండా గొలుసు పూర్తయిందనలేం. నేను 6ను 5 చేశాను. నిబ్బరం 3. మొత్తం 15.

అబ్బాయి విషయంలో ‘సెకన్లలో సర్దుకుంటుంది’ అన్నమాట సార్ నోట్‌లో ఉంది, నా నోట్‌లో లేదు. కానీ బారోరిసెప్టర్లు యాక్టివేట్ అవుతాయన్న మాట ఇద్దరి దగ్గరా ఉంది. అవగాహన 6 దగ్గర ఆగాం. తర్కంలో ఆయన 6కు ఆధారంగా ఉన్నది ‘అటానమిక్ న్యూరోపతీ అన్నాడు’ అనే వాక్యం. పేరు సరైనదే కానీ అంకెల నుంచి ఆ పేరుకు దారి చూపలేదు. ఆ పేరు పాఠంలో విన్నది కాబట్టి అవగాహనకు చేరుతుందే తప్ప తర్కానికి చేరదని సార్ స్వయంగా అన్నారు. 4 అయింది. నిబ్బరం 2. మొత్తం 12.

నిబ్బరం గడిని ఎలా నింపాం

ఆ నాలుగు మార్కులకు మేము పెట్టుకున్నవి నాలుగు పనులు. చేస్తే ఒకటి, చేయకపోతే సున్నా, అరలు లేవు. ఎగ్జామినర్ కంటితో చూడగలిగిన, చెవితో వినగలిగిన పనులే తీసుకున్నాం. సార్ అమ్మాయికి వేసిన 1, అబ్బాయికి వేసిన 4 రెండూ ఈ పనుల పట్టిక ముందు పెట్టి చూశాకే మారాయి. పట్టిక అంతకుముందే ఇచ్చాం గానీ, షీట్ వెనక వైపు అచ్చు వేయించాం. హడావిడిలో వెనక్కి తిప్పేవాళ్ళు తక్కువ. ఇప్పుడు గడి పక్కనే ఉంటుంది.

మొదటి పని, ప్రశ్న అర్థం కానప్పుడో కష్టంగా ఉన్నప్పుడో ఆగి ఆలోచించడం, లేదా మళ్ళీ చెప్పమని అడగడం. మౌనానికి మార్కు పోదు. అమ్మాయి మొదటి ప్రశ్నకు తీసుకున్న సమయం ఇక్కడ ఆమెకు మార్కే తెచ్చింది, ఎందుకంటే ఆ తర్వాత వచ్చిన జవాబు వరసలో ఉంది. అబ్బాయి కాలర్ ప్రశ్నను మళ్ళీ అడిగాడు, అతనికీ ఒక మార్కు.

రెండోది, తెలియని చోట తెలియదని చెప్పి, తెలిసినంత మేర చెప్పడం. దీనికి ఇద్దరికీ సున్నా. అమ్మాయి మాట్లాడకుండా కూర్చుంది. అబ్బాయి తెలియని చోట రెనిన్ గురించి మాట్లాడాడు. పైకి చూస్తే రెండూ పూర్తిగా వేరువేరు, మొదటిది భయం, రెండోది ధైర్యంలా ఉంటుంది. వార్డులో మాత్రం రెండూ ఒకే చోటికి తీసుకెళతాయి. పై డాక్టరుకు జూనియర్‌కు ఏం తెలుసో, ఏం తెలియదో తెలియకుండా పోతుంది. అసలు నిబ్బరాన్ని మార్కుల్లో ఉంచాలని నేను పట్టుబట్టింది ఈ ఒక్క పని కోసమే. మిగతా మూడూ తీసేయమన్నా ఒప్పుకుంటాను గానీ దీన్ని వదులుకోను.

మూడోది, కారణం అడిగినప్పుడు కారణంతోనే నిలబడడం, లేదా కారణంతోనే మారడం. అమ్మాయికి ఒకటి, అబ్బాయికి సున్నా. ఇక్కడ ఎగ్జామినర్ జాగ్రత్త చాలా అవసరం. కొందరు సరైన జవాబు విన్నాక కూడా ‘తప్పు కదా, ఆలోచించు’ అని బెదిరించి చూస్తారు. నేను దాన్ని ఒప్పుకోను. గురువు తప్పన్నాడంటే తప్పే అనుకునే పద్ధతిలో పెరిగిన పిల్లలు మన దగ్గర ఎక్కువ. అలాంటి పిల్ల జవాబు మార్చుకుంటే మనకు తెలిసేది ఆమె మర్యాద, నిబ్బరం కాదు. అందుకే ‘ఎందుకలా అనుకుంటున్నావు?’ అన్న ఒకే ప్రశ్న, ఒకే గొంతు, అందరికీ.

నాలుగోది, ఒక ప్రశ్నలో తప్పిన తర్వాత వచ్చే ప్రశ్నకు మామూలు స్థాయిలో జవాబు చెప్పడం. ఇద్దరికీ ఒక్కో మార్కు. షుగర్ పేషెంట్ దగ్గర మాట ఆగిపోయిన అమ్మాయే కాలర్ ప్రశ్నను తేల్చింది. అబ్బాయి కాలర్ దగ్గర దారి తప్పాక కూడా చివరి ప్రశ్నకు నిదానంగా చెప్పాడు. ఈ మార్కు వేయాలంటే చివరి ప్రశ్న సులభమైనది ఉండాలి. కష్టమైన ప్రశ్నతోనే వైవా ముగిస్తే తేరుకున్నాడో లేదో చూసే అవకాశమే ఉండదు.

వణుకు, చెమట, గొంతు స్థాయి, ఇంగ్లిష్ తప్పులు, కళ్ళలోకి చూడకపోవడం, నత్తి, వీటిలో దేనికీ మార్కు తగ్గించకూడదని షీట్ మీదే రాశాం. జవాబు తెలుగులో చెప్పవచ్చని ప్రతి విద్యార్థికీ మొదట్లోనే చెబుతాం. చెప్పకపోతే వాళ్ళు అడగరు.

షీట్‌లో తర్వాత మార్చినవి

అన్నిటికన్నా ఎక్కువ పని చేసింది గడుల వరస. ముందు తర్కం, తర్వాత అవగాహన, ఆఖరున నిబ్బరం. తర్కం గడి కాలర్ ప్రశ్న అయిన వెంటనే నింపాలి, విద్యార్థి ఎదుట ఉండగానే. నిబ్బరం గడి మాత్రం విద్యార్థి బయటికి వెళ్ళాకే. పది నిమిషాల్లో ఎనిమిది నిమిషాలు ప్రశ్నలకు, రెండు నిమిషాలు మార్కులు వేయడానికి అని గడియారం పెట్టుకున్నాం. ఆ రెండు నిమిషాలు లేకపోతే మార్కులు టీ విరామంలో, జ్ఞాపకం మీద వేస్తారు. అప్పుడు జ్ఞాపకంలో మిగిలేది మళ్ళీ తీరే.

ఇంకో మార్పు హింట్ల గురించి. సహాయం చేసే బుద్ధి ఉన్న ఎగ్జామినర్లు తెలియకుండానే సగం జవాబు అందిస్తారు, అదీ కలుపుగోలుగా మాట్లాడే విద్యార్థికే ఎక్కువ అందుతుంది. ‘ఇంకా?’, ‘తర్వాత?’ లాంటి మాటలు ఎన్నైనా అనవచ్చు. దారి చూపే మాట, అంటే ‘సైనస్ మీద ఒత్తిడి పడితే సాగుతుందా, సాగదా?’ లాంటిది అంటే షీట్‌లో ‘హిం’ అని గుర్తు పెట్టాలి. ఆ తర్వాత తర్కంలో 6కు మించి వేయకూడదు. తనంతట తాను సరిదిద్దుకున్నది, తర్వాతి ప్రశ్న అడగక ముందు చెబితే, మొదటి జవాబుతో సమానం. అమ్మాయి కేసు తర్వాత ఈ నియమం రాతలోకి వచ్చింది. అంతకుముందు ఎవరి పద్ధతి వాళ్ళది.

ఇలా మార్చాక పని చేస్తోందా అని చూడడానికి రెండు షీట్ల మొత్తాలు దగ్గరగా వచ్చాయా అని చూస్తే సరిపోదు. ఇద్దరం ఒకే రకంగా పొరబడినా మొత్తాలు కలుస్తాయి. ఇంగ్లిష్ ధారకు ఇద్దరమూ పడిపోతే తేడా రాదు, అన్యాయం మాత్రం అలాగే ఉంటుంది. నేను చూసేది ఒక్కో ఎగ్జామినర్ షీట్‌లో గడుల మధ్య సంబంధం. తర్కం ఎక్కువ, నిబ్బరం తక్కువ ఉన్న విద్యార్థులు కొందరు, దానికి తిరగేసి కొందరు ప్రతి షీట్‌లోనూ కనిపించాలి. ఒక బ్యాచ్ మొత్తంలో అలాంటివాళ్ళు ఒక్కరూ లేకపోతే, ఆ షీట్‌లో మూడు గడులున్నా ఉన్నది ఒక్క అభిప్రాయమే.

తేలనిది ఒకటుంది. వైవా నుంచి బయటికి వచ్చిన విద్యార్థి కాలర్ ప్రశ్నను వరండాలో నిలబడ్డవాళ్ళకు చెప్పేస్తాడు, మధ్యాహ్నానికి అది తర్కం ప్రశ్నగా మిగలదు. అందుకని రెండో సెట్ రాశాం. ఎత్తైన కొండల మీద ఊపిరి వేగం ఎందుకు పెరుగుతుందనేది మొదటి మెట్టు. కార్బన్ మోనాక్సైడ్ పీల్చిన మనిషికి రక్తంలో ఆక్సిజన్ అంత తగ్గినా ఆయాసం ఎందుకు అంతగా రాదనేది చివరి మెట్టు. మెడలో ఉండి ఊపిరి వేగాన్ని పెంచే కరోటిడ్ బాడీ చూసేది రక్తంలో కరిగిన ఆక్సిజన్ ఒత్తిడిని, హిమోగ్లోబిన్ మోసే మొత్తాన్ని కాదు. కార్బన్ మోనాక్సైడ్ విషంలో ఆ ఒత్తిడి మామూలుగానే ఉంటుంది. ఇక్కడా బట్టీ జవాబు తప్పవుతుంది, కాబట్టి ప్రశ్నగా మంచిదే. కానీ కాలర్ ప్రశ్నకన్నా ఇది కష్టం. ఉదయం బ్యాచ్‌కు ఒకటి, మధ్యాహ్నం బ్యాచ్‌కు ఒకటి ఇస్తే మధ్యాహ్నం వాళ్ళు నష్టపోతారు. ప్రస్తుతానికి రెండు సెట్లనూ ఉదయం, మధ్యాహ్నం కలిపి చీటీలతో ఇస్తున్నాం, ఏ సెట్ వచ్చిందో షీట్ మీద రాస్తున్నాం. సెట్ల వారీగా తర్కం మార్కులు పోల్చుకుని, రెండో సెట్ మధ్య మెట్టును తేలిక చేసే పని వచ్చే ఇంటర్నల్‌కు ముందు చేయాలి.